పాఠం వచ్చు, మాట రాదు: ఆరు వారాల ఇంగ్లీష్ బ్యాచ్ ఎలా నడపాలి?

ప్రశ్న: ఇంటర్వ్యూలకి వెళ్ళే పెద్దవాళ్ళ కోసం మా చిన్న ఊళ్ళో సాయంత్రం పూట ఆరు వారాల స్పోకెన్ ఇంగ్లీష్ బ్యాచ్ నడుపుతున్నాను. వారానికి ఐదు రోజులు, రోజుకి గంటన్నర. పోయిన బ్యాచ్‌లో టెన్సులతో మొదలుపెట్టి వాయిస్ దాకా వెళ్ళాను. మూడో వారానికి సగం మంది మానేశారు. మిగిలినవాళ్ళ చేత చివర్లో సెల్ఫ్ ఇంట్రడక్షన్ రాయించి బట్టీ పట్టించాను. క్లాసులో గడగడా అప్పజెప్పారు. ఇంటర్వ్యూలో మధ్యలో ఒక్క ప్రశ్న అడగ్గానే నోరు పెగల్లేదట. ఇప్పుడు కొత్త బ్యాచ్‌లో పదహారు మంది చేరారు. డిగ్రీ చదివినవాళ్ళూ ఉన్నారు, పదో తరగతితో ఆపినవాళ్ళూ ఉన్నారు. ఒకావిడ మూడేళ్ళు హోల్‌సేల్ దుకాణంలో బిల్లింగ్ చూసి, పిల్లల కోసం ఐదేళ్ళు ఇంట్లో ఉండిపోయారు. "ఆ ఐదేళ్ళ సంగతి అడుగుతారని తలుచుకుంటేనే భయం" అంటారు. బ్యాచ్‌ని రెండుగా విడగొట్టాలా? గ్రామర్ తగ్గిస్తే "ఏమీ చెప్పట్లేదు" అనరా? ఆరు వారాలు ఎలా పంచుకోను?
— ఒక టీచర్

జవాబు:

ముందు గంటల లెక్క చూడండి. మీ దగ్గర ఉన్నవి మొత్తం 45 గంటలు. ఇంగ్లీష్ పరీక్షలు పెట్టే కేంబ్రిడ్జ్ వాళ్ళ అంచనా ప్రకారం, రోజువారీ అవసరాలకి సరిపడే ఏ2 స్థాయికి రావడానికి టీచర్ దగ్గర 180 నుంచి 200 గంటలు పడుతుంది. దాని పైనున్న బీ1కి మొదటి నుంచీ కలిపి 350 నుంచి 400 గంటలు. ఒక మెట్టు ఎక్కడానికే దాదాపు రెండొందల గంటలు కావాలి కాబట్టి, ఆరు వారాల్లో ఎవరి ఇంగ్లీషునీ మొత్తంగా ఒక స్థాయి పెంచలేరు. పోయిన బ్యాచ్‌లో మీరు తలపెట్టింది అదే. వాయిస్ దాకా వెళ్ళడానికి ఆ టైము సరిపోదు, సరిపోయినా ఇంటర్వ్యూలో దానితో పని పడదు.

ఈ 45 గంటల్లో ఖచ్చితంగా అయ్యే పని ఒకటుంది. తను చేసిన పని గురించి మనిషి రెండు నిమిషాలు చెప్పగలగాలి, మధ్యలో ఎవరైనా ఆపి ప్రశ్న వేస్తే జవాబిచ్చి మళ్ళీ అందుకోగలగాలి. కోర్సు మొత్తం దీని చుట్టూ కట్టండి.

ఇప్పుడు క్లాసులో ఎవరు ఎంతసేపు మాట్లాడుతున్నారో చూద్దాం. గంటన్నరలో సగం మీ పాఠానికి పోయి, మిగిలిన 45 నిమిషాలూ ఒక్కొక్కరినీ లేపి మాట్లాడిస్తే తలా మూడు నిమిషాలు కూడా రావు. ముప్ఫై క్లాసులకీ కలిపి గంటన్నర లోపే. అదే రోజూ 40 నిమిషాలు జంటలుగా కూర్చోబెడితే ఒక్కొక్కరికి 20 నిమిషాలు వస్తాయి, మొత్తం పది గంటలు. జంటల్లో తప్పులు మీ చెవిన పడవు, నిజమే. దానికి ఉపాయం తర్వాత చెప్తాను. మీరు వినని తప్పుల వల్ల జరిగే నష్టం కన్నా, అసలు నోరు తెరవకపోవడం వల్ల జరిగే నష్టమే ఎక్కువ.

బ్యాచ్‌ని విడగొట్టడం సంగతి. రెండు చేసి చెరో 45 నిమిషాలు చెప్తే మీకు పాఠం తేలికవుతుంది కానీ ప్రతి ఒక్కరి మాట్లాడే టైమూ సగానికి పడిపోతుంది. పైగా అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళు ఉండే ఊళ్ళో "కింది బ్యాచ్" అన్న పేరు పడితే పెద్దవాళ్ళు రెండో రోజు నుంచే రారు. విడగొట్టకపోతే చురుకైనవాళ్ళు విసుక్కునే ప్రమాదం ఉంది, తక్కువ వచ్చినవాళ్ళు వాళ్ళ ముందు ముడుచుకుపోయే ప్రమాదమూ ఉంది. నేనైతే నాలుగు రోజులు అందరినీ కలిపి నడిపి, ఐదో రోజు మాత్రం రెండు గుంపులు చేసి చెరో 45 నిమిషాలు ఇస్తాను. ఒక గుంపుకి ఆ రోజు మామూలు వాక్యాలు గట్టిపరచడం, ఇంకో గుంపుకి కష్టమైన ప్రశ్నలు. ఇంగ్లీష్ అక్షరాలు కూడబలుక్కుని చదివేవాళ్ళు ముగ్గురో నలుగురో ఉంటే వాళ్ళని రోజూ ఇరవై నిమిషాలు ముందు రమ్మనండి. ఆ సమస్య మాట్లాడటానికి సంబంధించింది కాదు, దాన్ని క్లాసు మధ్యలో తీర్చబోతే మిగతా అందరూ ఆగిపోతారు.

ఇక సరుకు. మొదటి వారమంతా ప్రతి ఒక్కరి దగ్గరా వాళ్ళ సొంత సంగతులు ఐదు పోగుచేయించండి: పనిలో ఒక మామూలు రోజు, ఒక సమస్య తీర్చిన సందర్భం, పేచీకోరు కస్టమరుతోనో తోటివాళ్ళతోనో పడిన ఇబ్బంది, త్వరగా నేర్చుకున్న ఒక పని, ఉద్యోగం మానడానికో మారడానికో కారణం. ఉద్యోగమే చేయనివాళ్ళు కాలేజీలో చేసినదో, ఇంటి వ్యాపారంలో చేయి వేసినదో చెప్పొచ్చు. ప్రతి సంగతీ ముందు తెలుగులోనే పక్కవాళ్ళకి చెప్పనివ్వండి. మూడు నిమిషాలు చాలు. క్లాసులో తెలుగు వినపడకూడదని పట్టుబడితే ఏం చెప్పాలో తేలకముందే ఎలా చెప్పాలో వెతుక్కుంటారు, చివరికి రెండూ దొరకవు.

తర్వాత ఆ సంగతిని ఒక చిన్న కార్డు మీద రాయించండి, ఆరు ముక్కలు మించకుండా. అంకెలు, క్రియలు, వస్తువుల పేర్లు మాత్రమే. పూర్తి వాక్యం రాయనివ్వకండి. ఈ ఒక్క నియమం దగ్గర మీరు కఠినంగా ఉండాలి. వాక్యాలు రాశారంటే ఆ రాత్రే బట్టీ మొదలవుతుంది. బట్టీ పట్టినవాడికి మాటల వరుస గుర్తుంటుంది తప్ప విషయం గుర్తుండదు. అందుకే మధ్యలో ఆపితే మళ్ళీ మొదటి నుంచి అందుకోవాల్సి వస్తుంది. మీవాళ్ళకి జరిగింది ఇదే. బట్టీయో కాదో తెలుసుకోవాలంటే రెండో వాక్యం దగ్గర ఆపి "విచ్ ఇయర్ వజ్ దట్?" అనండి. జవాబు చెప్పి మూడో వాక్యంలోకి వెళ్ళగలిగితే మాట్లాడుతున్నట్టు. మళ్ళీ "మై నేమ్ ఈజ్" దగ్గరికి వెళ్ళారంటే అప్పజెప్తున్నట్టు.

మీ బిల్లింగ్ ఆవిడనే తీసుకుని చూద్దాం. ఆవిడ తెలుగులో చెప్పిన సంగతి ఇలాంటిది అనుకోండి: ఒక నెల స్టాకుకీ బిల్లులకీ లెక్క కుదరలేదు, కూర్చుని చూస్తే వాపసు వచ్చిన సరుకు బిల్లు పుస్తకంలో ఎక్కింది కానీ స్టాకు పుస్తకంలో ఎక్కలేదు, అప్పట్నుంచి వాపసులకి వేరే పుస్తకం పెట్టారు. కార్డు మీద ఉండాల్సింది: త్రీ ఇయర్స్, బిల్స్, స్టాక్, రిటర్న్స్, చెక్డ్, న్యూ బుక్. అంతే.

మొదటిసారి ఇంగ్లీషులో ఇలా వస్తుంది: "ఐ యామ్ వర్కింగ్ త్రీ ఇయర్స్ హోల్‌సేల్ షాప్. వన్ మంత్ స్టాక్ నాట్ మ్యాచింగ్. దెన్ ఐ యామ్ చెకింగ్, రిటర్న్స్ నాట్ ఎంటర్." దీన్ని చూసి కంగారు పడకండి. సంగతి మొత్తం ఉంది, వరుస కుదిరింది, వినేవాడికి అర్థమవుతుంది. పోయింది ముఖ్యంగా భూతకాలం, ఒకటి రెండు చిన్న మాటలు. వాటిని ముట్టుకుంటే చాలు: "ఐ వర్క్‌డ్ ఇన్ ఏ హోల్‌సేల్ షాప్ ఫర్ త్రీ ఇయర్స్. వన్ మంత్, ద స్టాక్ డిడ్ నాట్ మ్యాచ్ ద బిల్స్. ఐ చెక్డ్ ద రిటర్న్స్. దే వర్ నాట్ ఇన్ ద స్టాక్ బుక్. సో ఐ స్టార్టెడ్ ఏ సెపరేట్ బుక్." వాక్యాలు పొట్టిగా ఉన్నాయి కదా అని వాటిని "విచ్", "హూ" పెట్టి కలిపించబోకండి. పొట్టి వాక్యం మధ్యలో మనిషి తడబడడు.

తర్వాత అడగాల్సిన ప్రశ్నలు ఆ సంగతిలోనే ఉంటాయి: ఎలా కనిపెట్టారు, ఎవరికి చెప్పారు, యజమాని ఏమన్నారు, తర్వాత ఏం మారింది. ఇవి ఇంగ్లీషులో అడిగితే ఆవిడ జవాబు చెప్పగలరు, ఎందుకంటే ఆ రోజు ఆవిడ అక్కడ ఉన్నారు. బట్టీకీ దీనికీ ఉన్న తేడా అంతా ఇక్కడే ఉంది.

ఆ ఐదేళ్ళ సంగతికి మూడు వాక్యాలు చాలు: "ఐ స్టాప్డ్ వర్కింగ్ ఫర్ ఫైవ్ ఇయర్స్ టు లుక్ ఆఫ్టర్ మై చిల్డ్రన్. దే గో టు స్కూల్ నౌ. ఐ కెన్ వర్క్ ఫుల్ టైమ్." కారణం, అది తీరిపోయిందన్న మాట, ఇప్పటి పరిస్థితి. తర్వాత ఆగాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. అవతలివాళ్ళు రెండు క్షణాలు మాట్లాడకపోతే ఏదో తప్పు చేసినట్టు సంజాయిషీ మొదలుపెడతారు, ఆ సంజాయిషీ నుంచే కొత్త ప్రశ్నలు పుడతాయి. కాబట్టి జంటలో వినేవాళ్ళని కావాలనే ఐదు సెకన్లు మౌనంగా ఉండమనండి, ఆవిడ ఆ మౌనాన్ని భరించడం అలవాటు చేసుకోవాలి. కొందరు తేదీలు సాగదీసి ఖాళీని దాచమని సలహా ఇస్తారు. దాస్తే మొదటి ప్రశ్న దాటొచ్చు, తేదీల మీద రెండో ప్రశ్న వేస్తే రాని భాషలో అబద్ధాన్ని కాపాడుకోవాలి. అది ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్ళకే కష్టం.

ఈ సంగతుల్ని నోటికి అలవాటు చేయడానికి 4/3/2 అనే పద్ధతి ఉంది. భాషా బోధనలో పాల్ నేషన్ బాగా ప్రచారంలోకి తెచ్చారు. ఒకే సంగతిని ముగ్గురు వేర్వేరు మనుషులకి చెప్పాలి. మొదటివారికి నాలుగు నిమిషాల్లో, రెండోవారికి మూడు, మూడోవారికి రెండు. మీవాళ్ళకి నాలుగు నిమిషాలు ఎక్కువ. రెండు నిమిషాలు, ఒకటిన్నర, ఒకటి అని పెట్టుకోండి. మొదటిసారి మనసంతా ఏం చెప్పాలన్న దాని మీదే ఉంటుంది, మూడోసారికి ఆ బరువు తగ్గి మాటలు వాటంతటవే జారతాయి. కుర్చీలు ఎదురెదురుగా రెండు వరుసలు వేసి, చెప్పాక ఒక వరుస ఒక కుర్చీ పక్కకి జరిగితే చాలు. మీ పదహారు మందికి రెండు వరుసలూ చెప్పడం పావుగంటలో అయిపోతుంది. కాస్త వచ్చినవాళ్ళ వరుస ముందు చెప్పేలా చూడండి. ఎదుటి వరుసవాళ్ళు మూడుసార్లు విని, ఆ మాటలు కొన్ని పట్టుకుని తమ వంతుకి సిద్ధమవుతారు. వినేవాళ్ళకి పని లేకపోతే ఫోన్ తీస్తారు, అందుకని చివర్లో ఒక ప్రశ్న అడిగి తీరాలని చెప్పండి.

దీనిలో ఒక లోపం ఉంది. తప్పు మాట మూడుసార్లు చెప్తే అదీ అంతే గట్టిపడుతుంది. అందుకే మొదటి, రెండో విడతల మధ్య ఒక నిమిషం ఆపి, మీ చెవిన పడిన తప్పు ఒక్కటి, ఎక్కువమందిది, బోర్డు మీద సరిచేయండి. మిగతా తప్పులు తిరుగుతూ నోట్‌బుక్‌లో రాసుకుని, క్లాసు చివరి పది నిమిషాల్లో ఐదు వాక్యాలు, పేర్లు లేకుండా, బోర్డు మీద పెట్టి వాళ్ళ చేతే దిద్దించండి. మాట్లాడుతుండగా మధ్యలో దిద్దితే ఆ మనిషి తర్వాతి వాక్యం చెప్పే ముందే మీ మొహం చూడటం మొదలుపెడతాడు. ఇంటర్వ్యూలో అక్కడివాళ్ళ మొహమూ అలాగే చూస్తాడు.

ఏ తప్పులు దిద్దాలి అన్నది మీ గ్రామర్ ప్రశ్నకి కూడా జవాబు. ఇంటర్వ్యూలో చెప్పేది చాలావరకు జరిగిపోయిన విషయమే, కాబట్టి భూతకాలం తప్పదు. వాళ్ళ కార్డుల్లోంచే ఒక నలభై క్రియలు తీసి వాటిని మాత్రం గట్టిగా పట్టండి. "వర్క్‌డ్" అన్నదాన్ని మనవాళ్ళు "వర్కెడ్" అంటారు, "హెల్ప్‌డ్"ని "హెల్పెడ్" అంటారు. వర్క్, హెల్ప్, చెక్ లాంటి వాటి చివర వినపడేది "ట్" అని, హ్యాండిల్, కాల్ లాంటి వాటికి "డ్" అని, స్టార్ట్, నీడ్ లాగా ట, డ శబ్దాలతో ముగిసేవాటికి మాత్రమే "ఇడ్" అని ఒకరోజు పావుగంట చెప్పి, తర్వాత వినపడినప్పుడల్లా గుర్తుచేయండి. "డిడ్ నాట్ వెంట్", "సిన్స్ త్రీ ఇయర్స్", "మైసెల్ఫ్" అని పేరు చెప్పడం, "వై యూ లెఫ్ట్?" లాంటి ప్రశ్నల వరుస, ఇవి దిద్దదగ్గవి. ఆర్టికల్స్ వదిలేయండి. ఏ, ద పడిపోతే ఇంటర్వ్యూ చేసేవాళ్ళకి అర్థం కాకుండా పోదు, వాటి కోసం ఆలోచించడం మొదలుపెడితే మాత్రం మాట ఆగిపోతుంది.

"ఏమీ చెప్పట్లేదు" అనే మాట తప్పకుండా వస్తుంది. రోజూ పావుగంట విడిగా గ్రామర్ పెట్టి వాళ్ళని తృప్తిపరచొచ్చు, ఖర్చు ఏడున్నర గంటలు, అంటే మీ కోర్సులో ఆరో వంతు. లేదంటే ప్రతి శుక్రవారం ఒక పేజీ ఇవ్వండి, ఆ వారం వాళ్ళు నోటితో వాడిన గ్రామరే నియమాలుగా రాసి ఉంటుంది. పుస్తకం చేతిలో ఉండాలనుకునేవాళ్ళకి అది సరిపోతుంది, క్లాసు టైము పోదు. నేను రెండోదాని వైపే.

మూడో వారంలో మానేయడానికి కారణం గ్రామర్ విసుగు ఒక్కటే కాకపోవచ్చు. పెద్దవాళ్ళు పని వల్లో ఇంటివల్లో వారానికి ఒకటి రెండు రోజులు తప్పిపోతారు. పాఠాలు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటే తిరిగొచ్చిన రోజు ఏమీ అర్థం కాదు, సిగ్గుపడి ఆగిపోతారు. కాబట్టి ఏ రోజు క్లాసు ఆ రోజుకి పూర్తయ్యేలా చూడండి. కార్డు ఉంటే చాలు, ఎవరైనా ఏ రోజైనా వచ్చి కూర్చోగలగాలి.

వారాల పంపకం ఇప్పుడు తేలికే. మొదటి రెండు వారాలూ ఐదు కార్డులు, భూతకాలం, 4/3/2. మూడో వారం ప్రశ్నలు వినడం. ఇది చాలా కోర్సుల్లో ఉండదు. "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" ఒక్కటే నేర్చుకున్న మనిషిని "వాక్ మీ త్రూ యువర్ బ్యాక్‌గ్రౌండ్" అనో, "సో, వాట్ హ్యావ్ యూ బీన్ డూయింగ్ సిన్స్ కాలేజ్?" అనో అడిగితే అది వేరే ప్రశ్న అనుకుంటాడు. నీ గురించి, నీ పని, ఒక కష్టం, ఎందుకు మానేశావు, మా దగ్గరికి ఎందుకు అనే ఐదు రకాల ప్రశ్నలు తీసుకుని ఒక్కోదానికి నాలుగు రూపాలు రాయండి. మీరు చదువుతారు, వాళ్ళు జవాబు చెప్పక్కర్లేదు, ఏ కార్డు బయటికి తీయాలో చూపిస్తే చాలు. ఒకే కార్డు రెండు మూడు రకాలకి పనికొస్తుందని వాళ్ళకే తెలుస్తుంది.

అదే వారం అర్థం కానప్పుడు అనాల్సిన మాటలు నాలుగు నేర్పండి: "సారీ, కుడ్ యూ సే దట్ అగైన్?", "డూ యూ మీన్ మై లాస్ట్ జాబ్?", "లెట్ మీ థింక్ ఫర్ ఏ సెకండ్", "ఐ డోంట్ నో ద వర్డ్, బట్ ఇట్ ఈజ్ లైక్ దిస్". బట్టీ పట్టించాల్సినవి ఏమైనా ఉంటే ఈ నాలుగే. రోజూ మీరే కావాలని ఒక ప్రశ్న గొణిగినట్టు అడగండి, తెలిసినట్టు తలూపేవాళ్ళు బయటపడతారు.

నాలుగో వారం మధ్యలో ఆపడం. మూడో వాక్యం దగ్గర ప్రశ్న, జవాబు, మళ్ళీ కొనసాగింపు. ఐదో వారం ఫోన్ ఇంటర్వ్యూలు, పక్క గదిలోంచి నిజంగా ఫోన్ చేసి. మొహం కనిపించదు, శబ్దం సరిగా ఉండదు, పేరు స్పెల్లింగు, ఫోన్ నంబరు, తేదీ, టైము దగ్గర పొరపాట్లు జరుగుతాయి. వాటిని విడిగా సాధన చేయించండి. ఆరో వారం వాళ్ళకి పరిచయం లేని మనిషి ఎవరినైనా తెచ్చి మాక్ పెట్టండి. మీరు అడిగితే సరిపోదు, మీ గొంతుకి ఈపాటికి అలవాటుపడి ఉంటారు. మనిషికి ఎనిమిది నిమిషాలు, ఐదు ప్రశ్నలు, అందులో ఒకటి అస్పష్టంగా, ఒకటి మాటకి అడ్డం వచ్చి. పదహారు మందికి రెండు గంటలు దాటుతుంది కాబట్టి రెండు రోజులకి పంచండి. వంతు రానివాళ్ళు వెనక జంటలుగా ప్రశ్నలు వేసుకుంటూ ఉండాలి.

ఫలితం తెలియడానికి మొదటి రోజూ, చివరి వారమూ ఒకే ప్రశ్నకి రెండు నిమిషాలు ఫోన్లో రికార్డ్ చేయండి. అడిగి చేయండి, గ్రూపులో పెట్టకండి. మూడు సెకన్లు దాటిన మౌనాలు ఎన్ని, వరుసగా అడిగిన ఐదు ప్రశ్నల్లో ఎన్నింటికి జవాబు వచ్చింది, మళ్ళీ చెప్పమని ఎన్నిసార్లు అడిగారు అన్నవి లెక్కపెట్టండి. మూడోది సున్నా నుంచి ఒకటికో రెండుకో పెరిగితే మంచి సూచనే, ముందు అర్థం కాకపోయినా నెట్టుకొచ్చేవారు.

ఎవరికైనా రెండో వారంలోనే ఇంటర్వ్యూ పిలుపు వస్తే వరుస కోసం ఆగకండి. ఉన్నవాటిలో బలమైన కార్డులు రెండు ఏరి, ఆ నాలుగు మాటలూ చెప్పించి, ముందురోజు ఇరవై నిమిషాలు మధ్యలో ఆపుతూ అడగండి. ఇంటర్వ్యూ గదిలోంచి బయటికి రాగానే అక్కడ అడిగిన ప్రశ్నలు ఉన్నవి ఉన్నట్టు ఫోన్లో రాసుకు రమ్మనండి. తర్వాతి రోజు వాటిని మీ మూడో వారం పట్టీలో కలపండి.